క్రియ దాకా ఊపిరి ఉండాలి

ఈ వాక్యాన్ని ఒక్కసారి బయటికి చదవండి.

"ఎన్టీఆర్ జిల్లాలోని కొండపల్లిలో దాదాపు నాలుగు వందల ఏళ్ళుగా కొనసాగుతున్న బొమ్మల తయారీలో భాగంగా, సమీప అడవుల్లో లభించే తెల్ల పొణికి అనే తేలికపాటి కర్రను సేకరించి, సన్నని సెగపై తేమ పోయేవరకు ఆరబెట్టి, విడివిడిగా చెక్కిన అవయవాలను చింతగింజల పిండి మరియు రంపపు పొట్టు కలిపి తయారుచేసిన మక్కుతో అతికించి, సున్నం పూసిన అనంతరం రంగులు వేయడం జరుగుతుంది."

ఇది ఈ వ్యాసం కోసం నేను కూర్చిన నమూనా. వీడియోలకు వాయిస్ ఓవర్ స్క్రిప్టులు దిద్దేవాళ్ళ ముందుకు రోజూ వచ్చే వాక్యాలు అచ్చం ఇలాగే ఉంటాయి. ఇందులో వ్యాకరణ దోషం లేదు, సమాచారమూ తప్పు కాదు. పత్రికలో అచ్చయితే ఎవరూ వేలెత్తి చూపరు. గొంతుకు అప్పగించేసరికే చిక్కు వస్తుంది. "ఆరబెట్టి" దగ్గరికి చేరేలోపే ఊపిరి సన్నగిల్లుతుంది. "మక్కుతో" ముందు గబుక్కున ఒక గుక్క పీల్చుకోవాలి, ఆ చప్పుడు మైకులో పడుతుంది. చివరి "జరుగుతుంది" గొణుగుడైపోతుంది.

తెలుగులో ఈ గొణుగుడు చిన్న నష్టం కాదు. మన వాక్యంలో క్రియ చివర ఉంటుంది. ఎవరు ఏం చేశారన్నది, చేశారా చేయలేదా అన్నది, చేయమంటున్నారా వద్దంటున్నారా అన్నది తేలేది అక్కడే. అంటే వాక్యంలో అన్నిటికంటే విలువైన మాట, చదివే మనిషికి ఊపిరి అన్నిటికంటే తక్కువగా ఉన్న చోట పడుతోంది. స్క్రిప్టు దిద్దేవాళ్ళు ముందుగా చూసుకోవలసింది ఇదే: క్రియ నోటికి వచ్చేసరికి గొంతులో ఇంకా బలం మిగిలి ఉందా?

వద్దని చెప్పే వాక్యాల్లో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. "ఈ బొమ్మలను నీళ్ళతో తడిపి, గుడ్డతో రుద్ది, ఎండలో ఆరబెట్టడం వంటివి చేయకూడదు" అని రాశామనుకోండి. వినేవారి చెవిలో తడపడం, రుద్దడం, ఎండబెట్టడం వరసగా పడ్డాయి. ఆ పనులన్నీ చేయమంటున్నట్టే వినిపిస్తుంది. "కూడదు" వచ్చేదాకా సంగతి తెలియదు, అదీ గొంతు తగ్గిన చోట వస్తుంది. "ఈ బొమ్మలకు నీళ్ళు తగలనివ్వకండి. పొడి గుడ్డతో తుడిస్తే చాలు." ఇలా రాస్తే హెచ్చరిక మొదటి గుక్కలోనే చెవిన పడుతుంది.

ఇప్పుడు మన పెద్ద వాక్యం సంగతి చూద్దాం. చాలామంది చేసే మొదటి పని దాన్ని ముక్కలు చేయడం. "కర్రను సేకరిస్తారు. సెగపై ఆరబెడతారు. భాగాలను చెక్కుతారు. మక్కుతో అతికిస్తారు. సున్నం పూస్తారు. రంగులు వేస్తారు." ఊపిరికి ఇబ్బంది పోయింది కానీ చెవికి కొత్త ఇబ్బంది వచ్చిపడింది. "తారు, తారు, తారు" అంటూ ప్రతి వాక్యమూ ఒకే చోట, ఒకే స్వరంలో దిగుతోంది. మూడో వాక్యానికే వినేవారి మనసు పక్కకు పోతుంది. ఇంగ్లీషులో చిన్న వాక్యాలు రాయమని చెప్పే సలహాను తెలుగులో ఉన్నది ఉన్నట్టు పాటిస్తే జరిగేది ఇదే. క్రియ చివర ఉండే భాషలో చిన్న వాక్యాలన్నీ ఒకే తోకతో ముగుస్తాయి.

దీనికి మందు మన మాట్లాడే తీరులోనే ఉంది. మనం మాట్లాడుకునేటప్పుడు ప్రతి వాక్యాన్నీ క్రియతో ముగించం. "ఇది తెల్ల పొణికి" అంటాం, అందులో క్రియే లేదు. "వాడేది ఒక్కటే కర్ర" అంటాం, అసలు మాట చివరికి వచ్చి నొక్కు దాని మీద పడుతుంది. "తేమంతా పోవాలి" అంటాం, ముగింపు మారింది. ఇవన్నీ కలిపి దిద్దితే ఇలా వస్తుంది. ఒక గీత ఉన్నచోట చిన్న ఆగుడు, రెండు గీతలున్నచోట నిండుగా ఊపిరి.

"కొండపల్లి బొమ్మకు వాడే కర్ర ఒక్కటే / తెల్ల పొణికి. // చేత్తో పట్టుకుంటే చాలా తేలిక. // ముందు సన్నని సెగ మీద ఆరబెడతారు / తేమంతా పోవాలి. // తల, చేతులు, కాళ్ళు / వేటికవే చెక్కుతారు. // వాటిని అతికేది మక్కు. / చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి చేసిన ముద్ద. // ఆపైన సున్నం పూత. // అది ఆరాకే / రంగులు."

ఇందులో ఏం పోయాయో గమనించండి. "ఎన్టీఆర్ జిల్లాలోని" పోయింది. ఆ మాట తెర మీద అక్షరాల్లో కనిపిస్తే సరిపోతుంది. నాలుగు వందల ఏళ్ళ ముచ్చట తీసేయలేదు, మరో చోటికి మార్చాను. కర్ర, సెగ, మక్కు చెబుతున్న చోట చరిత్రను కూడా ఇరికిస్తే రెండూ చెవిలో నిలవవు. "మరియు", "అనంతరం", "వేయడం జరుగుతుంది" నోటిమాటలో లేనివి కాబట్టి వెళ్ళిపోయాయి. "అవయవాలు" అన్న మాట తల, చేతులు, కాళ్ళుగా మారింది. అప్పటికి విజువల్లో కనిపించేవి అవే. మక్కు అంటే ఏమిటో ముందు చెప్పకుండా, ఆ మాట చెవిన పడ్డాక చెప్పాను. కొత్త మాటను ముందు వినిపించి, వెంటనే విప్పి చెబితే వినేవారు పట్టుకుంటారు. పొడుగాటి వర్ణన తర్వాత పేరు చెబితే, ఆ వర్ణన దేని గురించో తెలియక వినేవారు దాన్నంతా మోస్తూ కూర్చోవాలి.

ఊపిరి గీతలు పెట్టే చోటులోనూ ఒక పద్ధతి ఉంది. "వేటికవే" తర్వాత గీత పెట్టకూడదు, ఆ మాట "చెక్కుతారు"ను పట్టుకుని ఉంది. అలాగే "చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి చేసిన" అని ఆగి "ముద్ద" అంటే అది తెగిపోయినట్టు వినిపిస్తుంది. "చేసిన", "దొరికే", "వచ్చిన" లాంటి మాటలు తర్వాతి నామవాచకానికి అతుక్కునే ఉండాలి. ఆగడానికి అనువైన చోట్లు "చేసి", "వెళ్ళి" లాంటి మాటల తర్వాత, "అయితే", "కానీ" దగ్గర, ముఖ్యమైన మాటకు సరిగ్గా ముందు. "అది ఆరాకే" తర్వాత గీత పెట్టింది అందుకే. ఆ క్షణంలో తెర మీద బొమ్మ తెల్లగా ఉంటుంది, కుంచె ఇంకా తగలలేదు.

నిడివి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే షాట్లకు లెక్క దీనితోనే కడతారు. ఇంగ్లీషు నరేషన్‌కు నిమిషానికి దాదాపు 150 మాటలన్న లెక్క బాగా వాడుకలో ఉంది. తెలుగుకు దాన్ని వాడితే వీడియో పట్టాలు తప్పుతుంది. "చెట్టు నుంచి వచ్చిన దానితో" అన్న అర్థాన్ని మనం విభక్తులన్నీ అతికించి రెండు మూడు పొడుగు మాటల్లో చెప్పేస్తాం. మాట ఒకటే అయినా అక్షరాలు నాలుగైదు ఉంటాయి. నేను పని చేసినంతలో నింపాదిగా సాగే తెలుగు నరేషన్‌కు నిమిషానికి 90 మాటలు అటూ ఇటూగా సరిపోతాయి. అయినా ఈ అంకె కంటే నమ్మదగింది గడియారమే. స్క్రిప్టును చదివే వేగంతో చదివి, ఫోన్లో టైము చూసుకుని, ఆ తర్వాతే మాటలు కోయాలి. కోయకుండా వేగం పెంచి సర్దుకుందామనుకుంటే మొదట బలయ్యేది మళ్ళీ ఆ చివరి క్రియే.

అంకెలు, పొడి అక్షరాలు చదివేవారికి కనిపించని గుంటలు. "రూ. 350" అని ఉంటే కంటికి ముందు "రూ." తగులుతుంది, నోటికి అది చివర రావాలి. ఆ తిరగేత కోసం గొంతు ఒక్క క్షణం తడబడుతుంది. "మూడు వందల యాభై రూపాయలు" అని నిండుగా రాసి ఇవ్వాలి. "కి.మీ.", "డా." కూడా అంతే. "12,450 మంది" అని ఉన్నచోట ఖచ్చితమైన అంకె అవసరమా అని ముందు అడగాలి. అవసరమైతే అది తెర మీద కనిపించనివ్వండి, గొంతు "పన్నెండు వేలకు పైగా" అంటే సరిపోతుంది. బ్రాకెట్లు, కొటేషన్ గుర్తులు చెవికి వినపడవు కాబట్టి వాటిలో ఉన్న సంగతిని వాక్యంగా మార్చాలి, లేదా తీసేయాలి. "పైన పేర్కొన్న", "ఈ కింది" లాంటివి కాగితానికి చెందిన మాటలు, చెవికి పైనా కిందా లేవు. "దీన్ని", "వాటిని" అనేటప్పుడు కూడా జాగ్రత్త కావాలి. మధ్యలో ఒక వాక్యం దాటితే ఆ మాట దేన్ని సూచిస్తోందో వినేవారికి గుర్తుండదు. పేరు మళ్ళీ చెప్పడమే మేలు. రాతలో విసుగనిపించే పునరుక్తి చెవికి ఆసరా.

అలాగని పొడుగు వాక్యాలన్నీ తప్పని కాదు. "తాత చెక్కాడు, తండ్రి చెక్కాడు, ఇప్పుడు కూతురు రంగులు వేస్తోంది" అన్నది చిన్నదేం కాదు. అయినా హాయిగా వినిపిస్తుంది, ఎందుకంటే ప్రతి ముక్కలోనూ ఒక క్రియ దొరుకుతోంది, వినేవారు ప్రతిచోటా కాలు మోపగలుగుతున్నారు. చెవిని అలసిపోయేలా చేసేది పొడవు కాదు, ఎదురుచూపు. బొమ్మ చేసేవాళ్ళు కెమెరా ముందు చెప్పిన మాటలను, చట్టం పాఠాన్ని, పెట్టుకున్న పేర్లను ఈ పేరుతో మార్చే హక్కు మాత్రం మనకు లేదు. అక్కడ ఆగే చోటు గుర్తుపెట్టి ఊరుకోవాలి.

దిద్దిన స్క్రిప్టు కుదిరిందో లేదో కాగితం చూస్తే తెలియదు. ఫోన్లో రికార్డు చేసి, కాగితం పక్కన పెట్టి, మర్నాడు వినండి. ఒకే చోట రెండుసార్లు నాలుక తడబడితే ఆ తప్పు నాలుకది కాదు, వాక్యానిది. ఆ విషయం తెలియని ఇంట్లోవాళ్ళకు ఒక్కసారి వినిపించి, ఏం అర్థమైందో తిరిగి చెప్పమనండి. మక్కు దేనితో చేస్తారో చెప్పలేకపోతే అక్కడికి వెళ్ళి మళ్ళీ దిద్దాలి. చివరగా విజువల్‌తో కలిపి చూడండి. కుంచె కళ్ళను దిద్దుతున్నప్పుడు "కళ్ళను దిద్దుతున్నారు" అని గొంతు చెబుతుంటే ఆ మాట కొట్టేయండి. ఆ మిగిలిన సమయం ఊపిరికి ఇవ్వండి.

స్క్రిప్టును పెద్ద అక్షరాల్లో, కాగితానికి ఒక వైపే, వరసల మధ్య చోటు వదిలి అచ్చు వేయండి. ఏ వాక్యమూ ఒక కాగితం నుంచి ఇంకో కాగితానికి పోకుండా చూడండి, పేజీ తిప్పే చప్పుడు మైకు వినేస్తుంది. ఆ కాగితాలు గొంతు ఇచ్చే మనిషికి రికార్డింగ్ రోజు పొద్దున కాకుండా, ముందు రోజే అందేలా చూడండి. ఎక్కడ ఊపిరి అందడం లేదో ఆయన లేదా ఆవిడ చెబితే, గీత మార్చడానికి ఒక పెన్సిలు, అరగంట సమయం దగ్గర ఉంచుకోండి.