‘అది పంపు’ అంటే ఏది పంపాలి?

ఇవాళ మాట్లాడుకునేది రెండక్షరాల మాటల గురించి: ఇది, అది.

ఎదురుగా నిలబడి "ఇది ఎంత?" అంటే వేలు చూపిస్తాం, గొడవ లేదు. వాట్సాప్‌లో ఆ వేలు ఉండదు. పంపినవాళ్ల బుర్రలో వస్తువు కనపడుతూనే ఉంటుంది, మన స్క్రీన్ మీద మాత్రం ఉత్త "ఇది". పైగా తెలుగులో ఎవరు, ఏది అన్నవి వదిలేసినా వాక్యం నిలబడిపోతుంది. "పంపేశాడా?" అన్నారనుకోండి. ఎవరు, ఏది, ఎవరికి, మూడూ మనమే పూరించుకోవాలి.

మా తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్‌నే తీసుకోండి. కర్నూలు సరుకూ వస్తుంది, మహారాష్ట్ర సరుకూ వస్తుంది. ఏలూరులో ఒక కొట్టాయన ఉన్నాడనుకుందాం. గూడెం నుంచి ఆయనకి మూడు ఫొటోలొచ్చాయి, కింద "ఇది లోడ్ చేయించమంటారా?" అని ఒక్క ముక్క. చివరి ఫొటోనా, మూడూనా? ఆయన "ఏదండీ?" అంటే, అవతల లారీ దగ్గర హడావుడిలో ఉన్న మనిషి "అదేనండి, పొద్దున అనుకున్నది" అంటాడు. మళ్లీ మొదటికే వచ్చాం!

పోనీ "కర్నూలుదేగా?" అంటే? "ఆ" అని వస్తుంది. నోటితో అంటే ఆ ‘ఆ’ అవునో, ‘ఏమన్నారు?’ అనో గొంతులో తెలిసిపోతుంది. టైప్ చేస్తే తెలియదు. "ఓకే" కొట్టేస్తే లారీ బయల్దేరిపోతుంది.

అందుకే ‘ఆ’తో జవాబు చెప్పలేని ప్రశ్న వెయ్యాలి. ఆ ఫొటో ఒక్కదాన్నే తెరిచి, దానికే రిప్లై ఇచ్చి, "ఇందులోవి కర్నూలువా, మహారాష్ట్రవా? ఎన్ని బస్తాలండీ?" అని అడిగితే, "కర్నూలు, 40" అని రావాల్సిందే. తెలిసిన రెండు మూడు అవకాశాలూ మనమే ముందు పెట్టాం కాబట్టి అవతలివాళ్లకీ పని తగ్గింది.

కానీ ఒక్కచోట ఇదే పద్ధతి కొంప ముంచుతుంది. ఫ్రెండ్ నంబర్ నుంచి "బాబాయ్, పొరపాటున నీకొచ్చింది, అది పంపు" అని మెసేజ్. అప్పుడే మీ ఫోన్‌కి ఆరంకెల కోడ్ ఎస్ఎంఎస్ వచ్చి ఉంటుంది. "ఆ కోడా?" అని మీరే అందిస్తే, దొంగకి "ఆ" అంటే చాలు. ఆ కోడ్‌తో మీ వాట్సాప్ వాడి ఫోన్‌లో తెరుచుకోవచ్చు. ఇక్కడ మాత్రం ఏ పేరూ మీ నోటి నుంచి రాకూడదు. "ఏం పంపాలి, ఎందుకు?" అని అడిగి ఊరుకోండి. తర్వాత మామూలు ఫోన్ కాల్ చెయ్యండి. వాట్సాప్ కాల్ వద్దు, ఆ అకౌంట్ ఇప్పటికే దొంగ చేతిలో ఉండొచ్చు. ఇంతా చేసి నిజంగా మీ ఫ్రెండే అడిగినా, మీ నంబర్‌కొచ్చిన కోడ్ చెప్పకండి.

"ఇందులో ఉన్నది నువ్వేనా?" అని లింక్ వచ్చినా అంతే. లింక్ నొక్కి చూడ్డం కాదు, "ఎందులో? ఎక్కడ చూశావ్?" అని ఫోన్‌లో అడగండి.