శ్లాబు కింద ఓమ్ సూత్రం

కరెంటు గురించిన ఓమ్ సూత్రం బడిలో అందరం చదివిందే. వోల్టేజిని నిరోధంతో భాగిస్తే కరెంటు ఎంతో తెలుస్తుంది. ఈ లెక్కకు దారి చూపింది మాత్రం వేడి. ఫ్రాన్సులో ఫోరియర్ ఘనపదార్థాల్లో వేడి ఎలా పాకుతుందో వివరిస్తూ 1822లో పుస్తకం వేశాడు. జర్మనీలో ఓమ్ ఆ పద్ధతినే తీగల్లోని విద్యుత్తుకు అన్వయించి 1827లో తన పుస్తకం తెచ్చాడు. ఇప్పుడు ఇళ్ల వేడిని లెక్కగట్టే ఇంజినీర్లు ఓమ్ సూత్రాన్నే వాడుకుంటున్నారు. అప్పు తిరిగి చేరిందన్నమాట!

ఉష్ణోగ్రతల తేడా వోల్టేజి లాంటిది, ప్రవహించే వేడి కరెంటు లాంటిది. మధ్యలోని ప్రతి పొరా ఒక రెసిస్టర్. పొర మందాన్ని మీటర్లలో తీసుకుని, ఆ పదార్థపు ఉష్ణవాహకత్వంతో భాగిస్తే ఒక చదరపు మీటరుకు దాని నిరోధం వస్తుంది.

మే నెల మధ్యాహ్నం ఒక డాబా ఇల్లు తీసుకుందాం. శ్లాబు పైముఖం 60 డిగ్రీలు, గదిలో గాలి 32 డిగ్రీలు అనుకుందాం. శ్లాబు మందం పన్నెండున్నర సెంటీమీటర్లు. కాంక్రీటు వాహకత్వం సుమారు 1.6 కాబట్టి దాని నిరోధం 0.08. కింద ప్లాస్టరింగుది 0.02. మూడో రెసిస్టర్ కంటికి కనబడదు. సీలింగు వేడి గదిలోకి దిగేచోట, సీలింగుకు అంటుకుని కదలకుండా ఉండే పల్చటి గాలిపొర అది. ఇలాంటి లెక్కల్లో దానికి 0.17 వేస్తారు. అంటే శ్లాబు కంటే ఆ గాలిపొరే రెండింతలు ఎక్కువ అడ్డుపడుతోంది.

వేడి వీటన్నిటినీ ఒకదాని తర్వాత ఒకటిగా దాటాలి కాబట్టి నిరోధాలను కూడాలి. మొత్తం 0.27. తేడా 28 డిగ్రీలు. భాగిస్తే చదరపు మీటరుకు 104 వాట్లు. పదడుగులు, పన్నెండడుగుల గదికి పదకొండు చదరపు మీటర్ల పైకప్పు ఉంటుంది. అంటే 1100 వాట్ల పైచిలుకు, తలపైన ఇస్త్రీపెట్టె ఆపకుండా వెలిగించి పెట్టినట్టు.

రెసిస్టర్ల వరసలో ఎక్కువ నిరోధం దగ్గరే ఎక్కువ వోల్టేజి పడిపోతుంది. ఇక్కడా అంతే. 28 డిగ్రీల్లో దాదాపు 18 ఆ గాలిపొర దగ్గరే పడిపోతాయి. కనుక సీలింగు 50 డిగ్రీల దాకా కాగుతుంది. ఆ సమయంలో ఫ్యాన్ వేస్తే వేడిగాలి కొడుతుందని విసుక్కుంటాం. ఫ్యాను ఆ గాలిపొరను చెదరగొట్టి, ఉన్న కాస్త అడ్డునూ తగ్గిస్తుంది మరి.

శ్లాబును రెట్టింపు మందం పోయిస్తే? మొత్తం నిరోధం 0.35కు మాత్రమే పెరుగుతుంది. వేడి 104 నుంచి 80 వాట్లకు దిగుతుంది. సిమెంటు, ఇనుము ఖర్చుకు ఇదేమంత ఫలితం కాదు. అదే ఐదు సెంటీమీటర్ల థర్మోకోల్ పొర వేస్తే దాని ఒక్కదాని నిరోధమే 1.43. మొత్తం 1.70 అవుతుంది. వేడి పదహారున్నర వాట్లకు, సీలింగు 35 డిగ్రీలకు పడిపోతాయి.

అయితే వేసిన తీరులోనే ఉంది కిటుకు. షీట్ల మధ్య సందులు, పిట్టగోడ వెంబడి వదిలేసిన పట్టీలు కలిసి పైకప్పులో పదోవంతు ఖాళీగా మిగిలాయనుకోండి. అవి సమాంతరంగా కలిపిన తక్కువ నిరోధపు తీగలు. ఆ పదోవంతు గుండా పాత లెక్క ప్రకారమే వేడి దిగుతుంది. సగటు పదహారున్నర నుంచి పాతిక వాట్లకు ఎగబాకుతుంది. పదోవంతు నిర్లక్ష్యానికి సగం అదనపు వేడి! మధ్యాహ్నం ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో సీలింగంతా చూస్తే, ఆ సందుల కింద అంకె పెరిగి దొరికిపోతుంది.

ఈ లెక్కకు ఒక పరిమితి ఉంది. ఉష్ణోగ్రతలు మారకుండా నిలకడగా ఉన్నాయని ఇది అనుకుంటుంది. అసలు శ్లాబు రెసిస్టరే కాదు, కెపాసిటర్ కూడా. పగలంతా వేడిని నింపుకుని సాయంత్రం నుంచి గదిలోకి వదులుతుంది. అందుకే మిట్టమధ్యాహ్నం సీలింగు లెక్కలో చెప్పినంత కాగకపోవచ్చు, రాత్రి పదింటికి మాత్రం చల్లారదు. థర్మోకోల్‌ను సీలింగుకు అంటించడం కంటే శ్లాబు పైన పరచి, నీళ్లు దిగకుండా కప్పడం మేలనడానికి కారణం ఇదే. అప్పుడు కెపాసిటర్‌లోకి ఛార్జే తక్కువ చేరుతుంది.

డాబాకు వేసే తెల్లరంగు పని వేరు. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం ఇలాంటి పైకప్పుల కోసమే. రంగు నిరోధాన్ని పెంచదు, ఎండను వెనక్కి కొట్టి వోల్టేజినే తగ్గిస్తుంది. పైముఖం 60 నుంచి 45 డిగ్రీలకు దిగితే, థర్మోకోల్ లేని మామూలు శ్లాబు గుండా వచ్చే వేడి కూడా 48 వాట్లకు తగ్గుతుంది. దుమ్ము పట్టి రంగు మాసేకొద్దీ ఈ లాభం కరిగిపోతుంది కాబట్టి డాబాను కడుగుతూ ఉండాలి, కొన్నేళ్లకోసారి మళ్లీ రంగు వేయాలి.