ఎముకకు కావలసింది చిన్న అదురు



“మావాణ్ణి ఎక్కువ గెంతించకండి మాస్టారూ, మోకాళ్లు అరిగిపోతాయి” అని మీలో కొందరు అంటుంటారు. ఎదిగే పిల్లల్లో జరిగేది దీనికి తారుమారు.

అమెరికాలోని ఒరెగాన్‌లో చేసిన ఒక పరిశోధన 2001లో అచ్చయింది. ఆరు నుంచి పదేళ్ల లోపు పిల్లల్ని రెండు జట్లు చేశారు. ఒక జట్టు రెండడుగుల పెట్టె మీద నుంచి రెండు కాళ్లతో దూకేది. రోజుకు 100 దూకుళ్లు, వారానికి మూడు రోజులు, ఏడు నెలలు. రెండో జట్టు ఒళ్లు సాగదీసే వ్యాయామాలు చేసింది. చివర్లో స్కాన్ తీస్తే, దూకిన పిల్లల తుంటి దగ్గర ఎముకలో ఖనిజం రెండో జట్టు కంటే 4.5 శాతం, నడుము వెన్నుపూసల్లో 3.1 శాతం ఎక్కువగా పెరిగింది.

పాదం నేలను తాకగానే ఎముక కంటికి కనిపించనంత వంగుతుంది. దాని లోపలి సన్నటి దారుల్లో ద్రవం కదులుతుంది. అక్కడి కణాలు ఆ కదలికను పసిగట్టి, ఇక్కడ కొత్త ఎముక వేయమని కబురు పెడతాయి. కొన్ని పదుల అదురులయ్యాక అవి మొద్దుబారతాయి, కొన్ని గంటలు ఆగితే మళ్లీ చురుగ్గా స్పందిస్తాయి. అందుకే ఒకేసారి గంటసేపు గెంతడం కన్నా పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం పదేసి గెంతులు మేలు. తొక్కుడుబిళ్ల, తాడాట ఇందుకు చక్కగా సరిపోతాయి. ఈత గుండెకు మంచిదే కానీ, నీరు బరువు మోస్తుంది కాబట్టి ఎముకకు ఈ అదురు అందదు.

ఎక్కే ఆటల్లో పని చేతులది. కోతికొమ్మచ్చిలో కొమ్మకు వేలాడినప్పుడు ముంజేతి, భుజాల కండరాలు ఎముకను లాగుతాయి, ఆ లాగుడూ ఎముకకు మేతే. చిన్న వయసులో బలం పెరిగినా కండ పెద్దగా ఉబ్బదు. కండరాన్ని పూర్తిగా వాడుకోవడం ముందు నరాలు నేర్చుకుంటాయి. కాబట్టి బాబు చేయి సన్నగానే ఉందని చూడకండి, కొమ్మకు ఎంతసేపు వేలాడగలుగుతున్నాడో చూడండి.

జాగ్రత్తలూ ఉన్నాయి. దిగేటప్పుడు మోకాళ్లు కొద్దిగా వంచాలి. సిమెంటు గచ్చు మీద కాకుండా మట్టి నేల మీద దూకాలి. ఎక్కే చోట కింద ఇసుక ఉండాలి, ఎందుకంటే పడితే విరిగేది ఎక్కువగా ముంజేయే. ఆడినరోజు కాళ్లు లాగడం మామూలే. ఒకేచోట నొప్పి వారం దాటినా, కుంటుతున్నా, వాపు కనిపించినా ఆట ఆపించి డాక్టరుకు చూపించండి.

ఇంకో మాట. పెద్దయ్యాక ఉండే ఎముకలో దాదాపు పావు వంతు, ఒళ్లు వేగంగా సాగే రెండేళ్లలోనే చేరుతుంది. ఆడపిల్లలకు అది సుమారు పన్నెండు, పదమూడేళ్ల వయసు. సరిగ్గా అప్పుడే చాలా ఇళ్లలో “పెద్దదానివయ్యావు, గంతులేమిటి?” అని ఆట మానిపిస్తున్నారు. ఆరు, ఏడు తరగతుల అమ్మాయిల్ని దయచేసి ఆటల పీరియడ్‌కు పంపించండి.

ఇట్లు,
మీ పిల్లల వ్యాయామ ఉపాధ్యాయుడు