గ్రెయిన్ చల్లితే పాత ఫోటో అవుతుందా?

2010లో ఒక పాత ఫోటో ఇంటర్నెట్‌లో కలకలం రేపింది. కెనడాలోని గోల్డ్ బ్రిడ్జ్ అనే ఊళ్లో, 1940ల మొదట్లో, వరద తర్వాత వంతెనను తిరిగి తెరిచినప్పుడు తీసిన ఫోటో అది. టోపీలు, కోట్లు వేసుకున్న గుంపులో ఒక కుర్రాడు నల్లకళ్లజోడు పెట్టుకుని, గుర్తు ఉన్న స్వెట్టర్ తొడిగి, చేతిలో చిన్న కెమెరా పట్టుకుని నిలబడ్డాడు. కాలంలో వెనక్కి వెళ్లినవాడని కొందరు ముచ్చటపడ్డారు. ఎవరో కంప్యూటర్‌లో అతికించారని ఇంకొందరు తేల్చేశారు. రెండూ కాదు. అలాంటి కళ్లజోడు, స్వెట్టర్, మడత కెమెరా అన్నీ అప్పటికే బజారులో దొరికేవి. పక్కవాళ్ల కంటే తేలికగా తయారై రావడమొక్కటే ఆ కుర్రాడి తప్పు.

నిజమైన ఫోటోనే అంతమంది అనుమానించినప్పుడు, ఈనాటి మనిషిని పాత వీధి ఫోటోలో నిలబెట్టాలనుకునేవాళ్లు ఎంత జాగ్రత్తగా ఉండాలో ఊహించుకోవచ్చు. చాలామంది చేసే పని ఒకటే: రంగు తీసేసి, పైన దట్టంగా గ్రెయిన్ చల్లడం. పాతదంటే గరగరలాడాలన్న నమ్మకం అది. ఆ నమ్మకమే తప్పు.

సెల్యులాయిడ్ ఫిల్మ్ మీదైనా గాజు పలక మీదైనా బొమ్మను కట్టేది వెండి రేణువులే. ఒక్కో రేణువు మన కంటికి ఆనదు. అవి గుంపులు కట్టినచోట, ఆ బొమ్మను బాగా పెద్దది చేసినప్పుడు కనిపించే గరుకునే గ్రెయిన్ అంటారు. కాబట్టి గ్రెయిన్‌ను తేల్చేది ఫోటో వయసు కాదు. నెగటివ్‌ను ఎన్ని రెట్లు పెంచారు, ఫిల్మ్ ఎంత వేగవంతమైనది అన్నవే ముఖ్యం. నిజాం ఆస్థానంలో పనిచేసిన రాజా దీన్‌దయాళ్ 19వ శతాబ్దం చివర్లో పెద్ద పెద్ద గాజు పలకల మీద ఫోటోలు తీశారు. అలాంటి పలకను కాగితానికి ఆనించి ప్రింటు తీస్తే పెద్దది చేయడమే ఉండదు, గ్రెయిన్ దాదాపు కనిపించదు. 1925లో లైకా వచ్చాక 24×36 మిల్లీమీటర్ల బుల్లి నెగటివ్ వీధుల్లోకి దిగింది. దాన్ని పుస్తకం అట్టంత చేయాలంటే ఏడెనిమిది రెట్లు పెంచాలి. మనం ‘పాతదనం’ అనుకునే గరుకు అలా పుట్టింది. అంటే 1890 నాటి ఫోటోలో మనిషిని పెట్టి గ్రెయిన్ చల్లినవాళ్లు దాన్ని పాతబరచడం కాదు, కొన్ని దశాబ్దాలు ముందుకు లాగుతున్నారన్నమాట.

ఒక పని మొదలుపెట్టి చూద్దాం. 1955 ప్రాంతంలో చిన్న కెమెరాతో తీసిన హైదరాబాద్ వీధి ఫోటో ఒకటి ఉందనుకుందాం. ఎడమవైపు ఎండ, కుడివైపు పడుతున్న నీడలు, రోడ్డు మీద సైకిళ్లు, పదిమంది జనం. అందులో ఇప్పటి మనవడిని నిలబెట్టాలి.

ముందు తేల్చాల్సింది కెమెరా ఎంత ఎత్తున ఉందన్నది. ఫోటోగ్రాఫర్ కెమెరాను కంటి దగ్గర పెట్టుకుని తీస్తే, చదునైన రోడ్డు మీద నిలబడ్డ పెద్దవాళ్లందరి కళ్లూ దగ్గరున్నా దూరమున్నా ఇంచుమించు ఒకే అడ్డగీత మీదికి వస్తాయి. పాదాలు మాత్రం దగ్గరవాళ్లవి కిందికి, దూరంవాళ్లవి పైకి ఉంటాయి. రోలీఫ్లెక్స్ లాంటి కెమెరాను పొట్ట దగ్గర పట్టుకుని తీస్తే ఆ గీత అందరి నడుముల మీదుగా పోతుంది. మనవడిని ఫోటో తీసేటప్పుడు కెమెరా అదే ఎత్తున ఉండాలి, ఎండ అదే దిక్కు నుంచి అంతే ఏటవాలుగా పడాలి. ఇక్కడ జరిగిన తప్పును తర్వాత సాఫ్ట్‌వేర్‌తో సరిచేయడం చాలా కష్టం. మనిషి నేల మీద కాకుండా గాలిలో నిలబడ్డట్టు కనిపించడానికి తరచూ కారణం ఇదే.

ఫోన్‌తో తీస్తే ఇంకో చిక్కు ఉంది. ఫోన్ తనంతట తాను బొమ్మకు పదును పెడుతుంది. కాలర్ అంచు చుట్టూ సన్నటి తెల్ల గీత వస్తుంది, కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంటాయి. పాత లెన్స్‌కు అంత చూపు ఉండదు. వీలైతే రా ఫైల్‌గా తీసుకోవాలి. తర్వాత మనవడంత దూరంలోనే నిలబడ్డ పాత ఫోటోలోని మనిషి ముఖాన్ని పక్కన పెట్టుకుని, రెండూ ఒకేలా మెత్తబడేదాకా కొంచెం బ్లర్ చేయాలి.

రంగును నలుపు తెలుపులోకి మార్చడం మీట నొక్కినంత తేలిక అనిపిస్తుంది కానీ, పాత ఫిల్మ్ అన్ని రంగుల్నీ ఒకేలా చూడలేదు. మొదటి తరం పలకలకు నీలం మాత్రమే బాగా తెలిసేది. ఆ తర్వాత వచ్చిన ఆర్థోక్రొమాటిక్ రకానికి ఆకుపచ్చ కూడా తెలిసింది, ఎరుపు తెలియలేదు. అందుకే ఆ ఫోటోల్లో ఎర్రటి కుంకుమబొట్టు నల్లగా పడుతుంది, నీలాకాశం తెల్లకాగితంలా ఉంటుంది. అలాంటి ఫోటో కోసమైతే చానెల్ మిక్సర్‌లో ఎరుపును సున్నా చేసి, నీలం ఆకుపచ్చలతోనే బొమ్మ కట్టాలి. 1955 నాటికి ఎరుపు కూడా తెలిసిన పాన్‌క్రొమాటిక్ ఫిల్మ్ మామూలైపోయింది. కాబట్టి మన ఫోటోలో బొట్టు నల్లగా కాక, బూడిదరంగులో వెలిసినట్టు ఉంటుంది. నలుపు ఎంత నల్లగా ఉండాలన్నది మాత్రం ఫోటోలోనే వెతుక్కోవాలి. పాత ప్రింటులో కారు టైరు కింది నీడ కూడా కటిక నలుపు కాకపోవచ్చు. అలాంటప్పుడు మనవడి జుట్టు అంతకు మించి నల్లబడకూడదు.

గ్రెయిన్ వంతు అన్నిటికంటే చివర వస్తుంది. ముందే చల్లి తర్వాత మనిషిని చిన్నది చేస్తే గ్రెయిన్ కూడా చిన్నదైపోతుంది. ఎంత ముద్ద కావాలో లెక్క ఇలా చూడొచ్చు. 36 మిల్లీమీటర్ల నెగటివ్‌ను 3600 పిక్సెల్స్ వెడల్పున స్కాన్ చేస్తే ఒక పిక్సెల్ 10 మైక్రాన్లు. వేగవంతమైన ఫిల్మ్‌లో కంటికి కనిపించే ముద్దలు తరచూ అంతకంటే వెడల్పే, అందుకే గ్రెయిన్ రెండు మూడు పిక్సెల్స్ దాకా పరుచుకుంటుంది. సాఫ్ట్‌వేర్ ఇచ్చే ‘నాయిస్’ ఒక్కో పిక్సెల్‌కు ఒక్కో చుక్క చొప్పున ఉప్పు చల్లినట్టు పడుతుంది. దాన్ని ఒక పిక్సెల్ మేర బ్లర్ చేస్తే ముద్ద కడుతుంది. అంతకంటే మేలైన దారి ఇంకొకటుంది: ఫోటోలోనే ఖాళీ గోడ ముక్కను కాపీ చేసి, అందులోంచి దాని మసక ప్రతిని తీసేస్తే అసలు గ్రెయిన్ మిగులుతుంది, దాన్నే వాడుకోవచ్చు. ఇది మనవడి మీదే పడాలి. మొత్తం ఫోటో మీద వేస్తే పాత భాగానికి రెండు పొరలైపోతాయి. ప్రింటులో గ్రెయిన్ నడిమి బూడిదరంగుల్లో ఎక్కువగా కనిపిస్తుంది, తెల్ల పంచె మీదా చిక్కటి నీడలోనూ తక్కువ. అన్నిచోట్లా సమానంగా ఉన్న గ్రెయిన్ చూస్తే అనుభవజ్ఞుడు వెంటనే పట్టేస్తాడు.

1983లో వచ్చిన ‘జెలిగ్’ సినిమాలో వుడీ అలెన్‌ను 1920ల నాటి న్యూస్‌రీళ్లలోకి చేర్చారు. కెమెరామన్ గోర్డన్ విల్లిస్ ఆ కాలపు లెన్సులు వెతికి తెచ్చి, నెగటివ్‌లను కాళ్లతో తొక్కి గీతలు పడేలా చేశాడని చెబుతారు. ఇప్పుడు గంటలో అయ్యే పనికి వాళ్లకు ఎన్నో నెలలు పట్టాయి, కానీ వాళ్లు వెతికింది గ్రెయిన్‌ను ఒక్కదాన్నే కాదు, ఆ కాలపు లెన్స్ చూపును కూడా.

బట్టల విషయంలో వస్తువుల జాబితా కంటే కుట్టు ముఖ్యం. 1955 నాటి ప్యాంటు బొడ్డు దగ్గర నిలుస్తుంది, ముందు మడతలతో, వదులుగా ఉంటుంది. నూలు చొక్కా చంక కింద, మోచేతి దగ్గర ముడతలు పడుతుంది. ఇప్పటి సాగే గుడ్డ ఒంటికి అతుక్కుని ముడత లేకుండా ఉంటుంది, దాన్ని నలుపు తెలుపు చేసినా అది సాగే గుడ్డే. అందుకే కంప్యూటర్‌లో బట్టలు గీయడం కంటే తాతగారి కొలతకు కుట్టించిన వదులు చొక్కా వేయించి ఫోటో తీయడమే చౌక. నూనె రాసి పక్కపాపిట తీయడం ఎలాగూ తప్పదు.

చివరికి నీడ. అందులో రెండు భాగాలున్నాయి: చెప్పు నేలకు ఆనినచోట చిక్కటి సన్నటి నీడ, అక్కడి నుంచి కుడివైపు సాగే పలచటి పొడవాటి నీడ. మొదటిది లేకపోతే మనిషి తేలుతాడు. రెండోదాన్ని స్కేలు పెట్టి చూడొచ్చు. ఒక సైకిల్ హ్యాండిల్ కొన నుంచి దాని నీడ కొనకు గీత గీయాలి, దీపస్తంభం కొన నుంచి దాని నీడ కొనకు ఇంకో గీత. ఆ గీతల్ని పొడిగిస్తే, బొమ్మ బయటైనా సరే, సాధారణంగా ఒకే బిందువు దగ్గర కలుస్తాయి. మనవడి తల నుంచి గీసిన గీత ఆ బిందువును తప్పి పోతే, గ్రెయిన్ ఎంత చక్కగా కుదిరినా అతను ఆ ఎండలో నిలబడలేదన్నమాట.