సినిమా చకచకా, ఫొటోలు నత్తనడక: ఎందుకు?

నెట్‌వర్క్ డ్రైవ్‌కి కాపీ నెమ్మదించగానే అందరూ నెట్‌వర్క్‌నే తిడతారు. చాలాసార్లు ఆ నింద అన్యాయం. గిగాబిట్ కేబుల్ సెకనుకు సుమారు 110 మెగాబైట్లు మోయగలదు కాబట్టి 1 జీబీ సినిమా పది సెకన్లలో చేరిపోతుంది. అదే 1 జీబీని 100 కేబీ ఫొటోలు 10,000గా పంపితే నిమిషాలు పడుతుంది. కేబుల్ అదే, డేటా అంతే. మారింది ఫైళ్ల సంఖ్య. విండోస్ వాడే ఎస్‌ఎంబీ పద్ధతిలో ప్రతి ఫైలుకూ తెరవమని, రాసుకోమని, తేదీ వేయమని, మూయమని విడివిడిగా అడిగి జవాబు కోసం ఆగాలి. అవతల తిరిగే హార్డ్‌డిస్క్ ఉంటే, ఫైలు పేరు ఒకచోట, డేటా మరోచోట రాయడానికి దాని హెడ్ అటూ ఇటూ కదలాలి. అంతా కలిపి ఫైలుకు 20 మిల్లీసెకన్లే అనుకున్నా, పదివేలకు 200 సెకన్లు!

వైఫై బలహీనంగా ఉందేమో అంటారా? ఉండొచ్చు. ఒక పెద్ద ఫైలు పంపి చూడండి. అదీ నీరసంగా వెళ్తే నెట్‌వర్క్‌నో డిస్క్‌నో అనుమానించాలి. పరుగెత్తితే మాత్రం కొత్త కేబుల్ డబ్బు దండగ. ఫొటోలన్నీ ఒకే జిప్‌గా కట్టి పంపితే ఈ అడగడాలు దాదాపు పోతాయి. అయితే ఆ జిప్‌ను మీ కంప్యూటర్ నుంచే డ్రైవ్‌లోకి విప్పితే పాత కథే మళ్లీ మొదలు. డ్రైవ్ ఉన్న యంత్రమే విప్పుకోవాలి.