‘నో కాస్ట్’ ఫోను, మూడు రూపాయల వడ్డీ

ఒక ఫోను ధర 24,000 రూపాయలు అనుకుందాం. మొత్తం ఒకేసారి కడితే 1,500 తగ్గిస్తామని షాపువాళ్లు అన్నారు. క్రెడిట్ కార్డు మీద తీసుకుంటే నెలకు 2,000 చొప్పున పన్నెండు కిస్తీలు, ‘నో కాస్ట్ ఈఎంఐ’. పన్నెండు రెళ్లు ఇరవై నాలుగు కాబట్టి వడ్డీ లేదనే అనిపిస్తుంది. కానీ ఆ ఫోను అసలు ధర 24,000 కాదు. ఈరోజు రొక్కమిచ్చి పట్టుకెళ్లగలిగేది 22,500కు. అప్పు లెక్క ఎప్పుడూ అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

వడ్డీ లేని అప్పు బ్యాంకు ఇవ్వదు. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. ఇప్పుడు జరుగుతున్నదేమిటంటే, బ్యాంకు తన వడ్డీ తాను వేసుకుంటుంది, అంత మొత్తాన్ని అమ్మకందారు లేదా కంపెనీ ధరలో తగ్గిస్తుంది. మన ఉదాహరణలో కార్డు వడ్డీ ఏడాదికి 16 శాతమైతే, బ్యాంకు ఇచ్చే అప్పు సుమారు 22,043 మాత్రమే. మిగిలిన 1,957 వడ్డీ. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే 352 రూపాయలు, కొన్నవాళ్లే కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు 199 ఉంటే జీఎస్టీతో కలిపి 235. మొత్తం చేతినుంచి పోయేది 24,587. రొక్కం ధరకన్నా 2,087 ఎక్కువ.

22,500 మీద 2,087 అంటే తొమ్మిది శాతమే కదా అనిపించవచ్చు. చాలామంది పొరబడేది ఇక్కడే. ఆ 22,500 ఏడాదంతా మన దగ్గర ఉండదు. మొదటి నెలనుంచే తిరిగి కట్టడం మొదలవుతుంది, చివరి నెలకు మిగిలేది ఒక్క కిస్తీ. సగటున మన దగ్గర ఉన్నది సగానికి కొంచెం ఎక్కువ, అంతే. అందుకే అసలు వడ్డీ దాదాపు రెట్టింపవుతుంది. కాగితం మీద వేసుకోవడానికి ఒక దగ్గరదారి ఉంది: ఎక్కువగా కట్టిన సొమ్మును 24తో హెచ్చించండి. అప్పు మొత్తాన్ని, కిస్తీల సంఖ్యకు ఒకటి కలిపి, దానితో హెచ్చించండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించి వందతో హెచ్చిస్తే ఏడాది వడ్డీ శాతం సుమారుగా వస్తుంది. ఇక్కడ 2,087 × 24ను 22,500 × 13తో భాగిస్తే 17 శాతం. మన ఊళ్ల లెక్కలో నూటికి నెలకు రూపాయి నలభై పైసలు.

కార్డు లేనివాళ్లకు షాపులోనే ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే పథకాలు ఉంటాయి. వీటిని ఇంకా జాగ్రత్తగా చూడాలి. అదే ఫోను, అవే పన్నెండు కిస్తీలు. కాకపోతే నాలుగు కిస్తీలు, అంటే 8,000, కొన్నరోజే కట్టాలి. ఫైలు ఖర్చు మరో 500 అనుకుందాం. మొత్తం 24,500 అవుతుంది, పైన చెప్పిన కార్డు ఖర్చుకన్నా కాస్త తక్కువే. కానీ ఈసారి అందిన అప్పెంత? రొక్కం ధర 22,500లోంచి ఆ రోజే ఇచ్చిన 8,500 తీసేస్తే 14,000. దానికి ఎనిమిది నెలల్లో కట్టేది 16,000. పై సూత్రంతో లెక్క వేస్తే వడ్డీ 38 శాతం, కచ్చితంగా వేసినా 37 దగ్గర తేలుతుంది. నూటికి మూడు రూపాయల వడ్డీ! తెలిసినవాళ్ల దగ్గర చేబదులు తెచ్చుకున్నా ఇంత ఇవ్వడానికి మనసొప్పదు. ముందుగా ఎక్కువ కడితే భారం తగ్గుతుందన్న నమ్మకం ఇక్కడ తిరగబడుతుంది, ఎందుకంటే పోగొట్టుకున్న తగ్గింపు అంతే ఉంటుంది, చేతికొచ్చిన అప్పు మాత్రం చిన్నదైపోతుంది. స్క్రీన్ బీమా లాంటివి అడక్కుండా కిస్తీలో కలిపితే ఈ శాతం ఇంకా పెరుగుతుంది.

మరి రొక్కానికి తగ్గింపే లేకపోతే? అప్పుడు కార్డు కిస్తీల అదనపు ఖర్చు 587 మాత్రమే. చేతిలోని 24,000ను సేవింగ్స్ ఖాతాలో ఉంచి నెలనెలా కట్టుకుంటూ పోతే, మూడు శాతం వడ్డీ వచ్చినా సుమారు 390 రూపాయలే. నష్టం రెండొందలకు లోపు. ఒక్కసారిగా ఇల్లు ఇబ్బంది పడకుండా ఉండటానికి ఆ మాత్రం ఇవ్వడం తప్పేమీ కాదు.

2024 అక్టోబరు నుంచి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు వ్యక్తిగత అప్పులకు ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలి. అందులో ఏపీఆర్ అని అన్ని చార్జీలూ కలిపిన ఏడాది శాతం ఉంటుంది. సంతకానికి ముందే అడిగి చూడండి. క్రెడిట్ కార్డు బాకీలకు మాత్రం ఈ నిబంధన వర్తించదు. పైగా రొక్కమిస్తే షాపు తగ్గించే 1,500 ఆ పత్రంలో కనిపించదు, అది అప్పిచ్చినవాళ్ల చార్జీ కాదు కాబట్టి. అందుకే షాపులో కిస్తీల మాట ఎత్తకముందే, ‘మొత్తం ఇప్పుడే ఇస్తే ఆఖరి ధరెంత?’ అని అడిగి, ఆ అంకెను రాసుకోవాలి.