చెప్పకుండా తప్పించిన గయ

కాశీలో నాలుగో రోజు రాత్రి. భోజనాలయ్యాక టూరు మేనేజరు వచ్చి, "రేపు గయ లేదండీ, వింధ్యాచలం వెళ్దాం. పొద్దున్నే ఆరింటికి బస్సు" అని చెప్పి వెళ్లిపోయాడు అనుకుందాం. బస్సులో చాలామందికి అది ఒక గుడి బదులు మరో గుడి. సామర్లకోట నుంచి వచ్చిన ఒక జంటకు మాత్రం అలా కాదు. ఇంటికి దగ్గర్లోనే పిఠాపురంలో పాదగయ ఉన్నా, తండ్రికి గయలో విష్ణుపాదం దగ్గర పిండం పెట్టాలనే ఆ పెద్దాయన మనిషికి 26,000 రూపాయలు కట్టి బయల్దేరాడు.

ఆయన చేతిలోని కార్యక్రమ పత్రంలో 5వ రోజు గయ, రాత్రి అక్కడే బస అని ఉంది. మేనేజరుతో గొడవపడితే ఆ మాటలు అక్కడితో పోతాయి. అదే రాత్రి వాట్సాప్‌లో నాలుగు ముక్కలు రాస్తే అవి సాక్ష్యంగా మిగులుతాయి: "5వ రోజు గయ ఎందుకు తీసేశారో చెప్పండి. మేం పితృకార్యం కోసమే వచ్చాం. మీరు బండి ఏర్పాటు చేయకపోతే సొంతంగా వెళ్తాం, ఆ ఖర్చు మీరే ఇవ్వాలి." పొరపాటు దిద్దుకునే అవకాశం ముందుగా నిర్వాహకులకే ఇచ్చినట్టవుతుంది. "అప్పుడే చెప్పి ఉంటే చూసేవాళ్లం కదా" అనే మాటకు తర్వాత తావుండదు.

జవాబు రాలేదు. దంపతులు కారు మాట్లాడుకుని గయ వెళ్లారు. రానూపోనూ దాదాపు 500 కిలోమీటర్లు, టోల్‌తో కలిపి 9,500. రాత్రి గదికి 1,800. పురోహితుడికి, పిండప్రదాన సామగ్రికి మరో 4,000.

ఎంత తిరిగి అడగాలి అన్నచోటే చాలామంది తప్పటడుగు వేస్తారు. కోపంలో మొత్తం 52,000 అడిగితే, విమానం ఎక్కాం, కాశీలో ఉన్నాం, అయోధ్య చూశాం కదా అని ఎదుటివారు సులువుగా తోసిపుచ్చుతారు. మొత్తాన్ని రోజుల సంఖ్యతో భాగించడమూ సరికాదు, అందులో విమాన ఛార్జీలూ కలిసి ఉంటాయి. పురోహితుడి ఖర్చు బస్సులో వెళ్లినా ఆయన పెట్టుకోవాల్సిందే, దాన్ని వదిలేయాలి. నిర్వాహకులు ఇస్తామని ఇవ్వనివి రెండు: ప్రయాణం, గది. వాటి మొత్తం 11,300. బిల్లులున్న ఈ అంకెను కాదనడం కష్టం.

ఇంటికొచ్చిన వారంలోపే ఈమెయిల్ వెళ్లాలి. దాంట్లో బాధంతా వెళ్లగక్కనక్కర్లేదు:

"నమస్కారం. నవంబరు 8 నుంచి 15 వరకు మీ కాశీ యాత్రకు ఇద్దరం కలిసి 52,000 చెల్లించాం. మీ పత్రం ప్రకారం 12న గయ ప్రయాణం, రాత్రి అక్కడే బస. 11 రాత్రి 9 గంటలకు మీ మేనేజరు గయ లేదని చెప్పారు, కారణం చెప్పలేదు. ఆ రాత్రే వాట్సాప్‌లో అభ్యంతరం తెలిపాం, జవాబు రాలేదు. సొంత ఖర్చుతో గయ వెళ్లాం. కారుకు 9,500, గదికి 1,800, మొత్తం 11,300 రూపాయలు 15 రోజుల్లో మా ఖాతాకు పంపాలని కోరుతున్నాం. రసీదు, కార్యక్రమ పత్రం, బిల్లులు, వాట్సాప్ సందేశం జతచేశాం."

నిర్వాహకులు సాధారణంగా ఒక షరతు చూపిస్తారు: అనివార్య పరిస్థితుల్లో కార్యక్రమం మార్చే హక్కు మాకుంది అని. వరదలకు దారి తెగిపోతే అది న్యాయమే. అయితే అనివార్యం ఏమిటో వాళ్లు చెప్పాలి. అదే రోజు అదే దారిన కారు వెళ్లి వచ్చిందంటే ఆ వాదన బలహీనపడుతుంది. ఒప్పుకున్న సేవను ఒప్పుకున్నట్టు ఇవ్వకపోవడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం సేవాలోపం అంటుంది. తెలియాల్సిన సమాచారాన్ని కావాలని దాచడమూ దాని కిందికే వస్తుంది.

కేసును దెబ్బతీసేది చివరి రోజు బస్సులో పంచే అభిప్రాయ పత్రం. అలసటలో అందరూ "అన్ని సేవలూ తృప్తికరం" అన్నచోట సంతకం పెట్టేస్తారు. "గయ చూపించలేదు" అని ఒక ముక్క రాసి సంతకం చేసి, ఫొటో తీసి పెట్టుకోవాలి.

15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. టూరు కంపెనీ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా, ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే కేసు వేయొచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు.

చాలాసార్లు అంతదూరం వెళ్లకముందే ఒక ఫోన్ వస్తుంది: "వచ్చే టూరులో 5,000 తగ్గిస్తామండీ." వద్దనుకుంటే ఫోన్‌లోనే కాకుండా రాతలోనూ చెప్పాలి: "తగ్గింపు వద్దు, 11,300 ఖాతాకు పంపండి." ఒకవేళ 8,000కు రాజీపడాలనిపిస్తే, డబ్బు ఖాతాలో పడ్డాకే "ఇక ఏ బాకీ లేదు" అనే కాగితం మీద సంతకం చేయాలి.